‘నడపవచ్చు’, ‘జారవచ్చు’: ఒకే ‘వచ్చు’తో రెండు పనులా?

సుజాత: అందరికీ నమస్కారం. లోహపు రేకును అచ్చుతో నొక్కే పవర్ ప్రెస్‌ల భద్రత మీద చైనా ప్రమాణాన్ని ఆధారం చేసుకుని రాసిన మాన్యువల్‌ను తెలుగులోకి తెస్తున్నాను. చైనీస్ మూలం నాకు అర్థమవుతుంది, ఇబ్బందంతా తెలుగులోనే వస్తోంది. డై అనే ఆ అచ్చును మార్చడం గురించిన భాగానికి నా మొదటి చిత్తు ఇది:

‘మోటారు ఆపి, ఫ్లైవీల్ పూర్తిగా నిలిచాకే డై ముట్టుకోవాలి. స్లైడ్ కింద సేఫ్టీ బ్లాక్ తప్పనిసరిగా పెట్టాలి. ఈ పని ఇద్దరు కలిసి చేయాలి. సెట్టింగ్ కోసం ఇంచింగ్‌లో నడపవచ్చు. గాలి ఒత్తిడి తగ్గితే స్లైడ్ కిందికి జారవచ్చు.’

స్లైడ్ అంటే పైకీ కిందికీ కదిలి నొక్కే భాగం, ఇంచింగ్ అంటే దాన్ని కొద్దికొద్దిగా కదిపి నడపడం. మూలంలో మొదటి రెండు వాక్యాల్లో ఆజ్ఞ చెప్పే ‘యింగ్’, మూడో వాక్యంలో సలహా చెప్పే ‘యీ’, నాలుగో వాక్యంలో అనుమతి ఇచ్చే ‘ఖ’, అయిదో వాక్యంలో జరిగే అవకాశం చెప్పే ‘ఖనంగ్’ ఉన్నాయి. ఇంగ్లీషులో వీటికి నాలుగు వేరువేరు మాటలున్నాయి. నా తెలుగులో మాత్రం ‘ఆలి’, ‘వచ్చు’ రెండే మిగిలాయి. చదివేవాళ్లకు తేడా తెలుస్తుందా?

శ్రీను: అక్కా, ‘ఆలి’ బదులు ‘వలెను’ రాస్తే గంభీరంగా ఉంటుంది. ప్రభుత్వ నోటీసుల్లో అలాగే రాసేవాళ్లు కదా. ‘స్లైడ్’, ‘ఇంచింగ్’కి కూడా మంచి తెలుగు మాటలు వెతుకుదాం.

సుజాత: శ్రీనూ, మాటల గంభీరత గురించి కాదు నా ప్రశ్న. ‘పెట్టవలెను’ అన్నా ‘పెట్టాలి’ అన్నా బలం ఒకటే. మూడో వాక్యం మూలంలో సలహా మాత్రమే, నేనేమో దాన్ని ఆజ్ఞ చేసేశాను. అక్కడే ఆగిపోయాను.

కిరణ్: ఆ ప్రమాణం నంబరులో, చైనా జాతీయ ప్రమాణాలకు పెట్టే జీబీ అక్షరాల పక్కన టీ ఉందా? ఉంటే ఇంత టెన్షన్ అక్కర్లేదు. టీ అంటే సిఫారసు ప్రమాణం. సిఫారసులో ఉన్న ‘యింగ్’ కూడా సిఫారసే కదా, అన్నిటికీ ‘మంచిది’ అని రాసేయండి.

రమణ మాస్టారు: కిరణ్ గారూ, సగం సరిగ్గా చెప్పారు. టీ ఉంటే సిఫారసు ప్రమాణమే. అయితే ఆ ఐచ్ఛికం ప్రమాణం మొత్తానికి వర్తిస్తుంది, దాన్ని పాటించాలా వద్దా అన్నది మన ఇష్టం. ‘ఈ యంత్రం ఫలానా ప్రమాణానికి తగ్గట్టు ఉంది’ అని ఒకసారి చెప్పుకున్నాక లోపలి ‘యింగ్’లన్నీ పాటించి తీరాలి. టీ చూసి ‘యింగ్’ని ‘మంచిది’ చేస్తే, అదే పేజీలో నిజంగా సలహాగా ఉన్న ‘యీ’కి మాటే మిగలదు.

ఈ మాటల బలాన్ని అక్కడ జీబీ/టీ 1.1-2020 నిర్ణయించింది. ప్రమాణాలు ఎలా రాయాలో చెప్పే ప్రమాణం అది. ‘యింగ్’ అంటే పాటించి తీరాల్సింది, ‘యీ’ అంటే సిఫారసు, ‘ఖ’ అంటే అనుమతి, ‘నంగ్’ అంటే సామర్థ్యం, ‘ఖనంగ్’ అంటే జరిగే అవకాశం. సుజాత గారికి పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. చైనీస్‌లో ‘బీషూ’ అనే గట్టి మాట ఉంది, మన ‘తప్పనిసరిగా’ లాంటిది. ‘యింగ్’ బదులు దాన్ని వాడవద్దని ఆ నియమం చెబుతుంది. వాడితే ప్రమాణం అడిగేదేదో, బయటి చట్టం అడిగేదేదో కలిసిపోతాయని కారణం.

ఇప్పుడు మీ రెండో వాక్యంలోని ‘తప్పనిసరిగా’ చూడండి. మూలంలో మొదటి వాక్యానికీ దీనికీ ఒకే ‘యింగ్’. మీరు ఒక్కచోట ‘తప్పనిసరిగా’ చేర్చేసరికి మొదటి వాక్యంలోని ‘ముట్టుకోవాలి’ పలచబడింది. సేఫ్టీ బ్లాక్ సంగతి తప్పదు, ఫ్లైవీల్ నిలిచేదాకా ఆగడం మాత్రం వీలును బట్టి అన్నట్టు వినిపిస్తోంది. మోటారు ఆపాక కూడా ఫ్లైవీల్ కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది, అసలు అపాయం అప్పుడే. కాబట్టి ‘యింగ్’ ఉన్న ప్రతిచోటా ఒట్టి ‘ఆలి’ పెట్టండి, ఎక్కడా తోక తగిలించకండి. ‘యీ’కి ఎక్కడా ‘ఆలి’ రానివ్వకండి, ‘చేయడం మంచిది’ ఒక్కటే వాడండి.

యాదగిరి: నేను ప్రెస్ షాపుల ఫోర్‌మన్‌గ పనిచేస్తున్న. చిత్తు మా వాళ్లకు చదివి వినిపించిన. నాలుగు, అయిదు వాక్యాలు ఒక్కటే తీరుగ వినవడ్డయంట. ‘నడపవచ్చు, జారవచ్చు’ రెండూ పర్వాలేదన్నట్టు ఉన్నయని ఒక పిల్లగాడు అన్నడు. గాలి పోతే స్లైడ్ జారుడు ఎంత అపాయమో మాకు తెలుసు, దాన్ని గంత మెత్తగ చెప్తే ఎట్ల?

రమణ మాస్టారు: యాదగిరి గారు అసలు ముడి పట్టుకున్నారు. ‘వచ్చు’ మనకు అనుమతీ అవుతుంది, సంభావ్యతా అవుతుంది. ‘నువ్వు వెళ్లవచ్చు’, ‘వాన రావచ్చు’. మామూలు మాటల్లో కర్తను బట్టి తెలిసిపోతుంది. మాన్యువల్‌లో రెండూ పక్కపక్కన పడితే రెండోది బలం కోల్పోతుంది. ‘వచ్చు’ని అనుమతికే ఉంచండి. ‘ఖనంగ్’ ఉన్నచోట ‘గాలి ఒత్తిడి తగ్గితే స్లైడ్ కిందికి జారే ప్రమాదం ఉంది’ అనండి. ప్రమాదం కాని చోట ‘అవకాశం ఉంది’ అంటే చాలు.

సుజాత: ఇది నాకు తట్టనే లేదు మాస్టారూ. మరి ‘ఆలి’కి కూడా రెండో అర్థం ఉంది కదా? ‘బస్సు ఈపాటికి రావాలి’ అంటాం. అది ఆజ్ఞ కాదు, అంచనా. చేతులు లోపలికి పోకుండా యంత్రానికి పెట్టే అడ్డు గురించి ‘గార్డు తెరవగానే స్లైడ్ ఆగాలి’ అని రాస్తే, మామూలుగా ఆగుతుందిలే అని చదివే వీలుంది.

రమణ మాస్టారు: నిజమే. అక్కడ మూలం ‘యింగ్ నంగ్’ అయితే అది ఆపరేటరుకు చెప్పిన మాట కాదు, యంత్రం తయారుచేసేవాళ్లకు చెప్పింది. ‘గార్డు తెరవగానే స్లైడ్ ఆగేలా యంత్రాన్ని తయారుచేయాలి’ అనండి. పని ఎవరిదో చెబితే అంచనా అర్థం పోతుంది.

యాదగిరి: ఇంకొక్క మాట. ‘గార్డు తీయరాదు’ అని రాయకుండ్రి. మా దిక్కు ‘తీయరాదు’ అంటే ‘తియ్యవయ్యా, ఏమైతది’ అన్నట్టు. ‘కూసోరాదు’ అంటే కూర్చొమ్మని పిలుచుడే కదా.

కిరణ్: కోస్తాలో కూడా ‘కాస్త చెప్పకూడదూ’ అంటాం కదా! అలాగైతే ‘తీయకూడదు’కీ అదే చిక్కు.

రమణ మాస్టారు: ‘కూడదూ’లో చివర దీర్ఘం పలుకుతాం, రాతలో దీర్ఘం లేకపోతే ఎవరూ పిలుపుగా చదవరు. ‘రాదు’ విషయంలో ఫోర్‌మన్ చెప్పినదాన్ని నేను కాదనలేను. ‘బు యింగ్’కి ‘కూడదు’, ‘బు యీ’కి ‘చేయకపోవడం మంచిది’, ‘బు బీ’కి ‘అవసరం లేదు’ అని నా మాట. ‘వద్దు’ సంగతి నాకింకా తేలలేదు. తెలంగాణలో అది గట్టి నిషేధం, మా జిల్లాలో కొంచెం బతిమాలినట్టుంటుంది.

సుజాత: సరిచేశాను, చూడండి.

‘మోటారు ఆపి, ఫ్లైవీల్ పూర్తిగా నిలిచాకే డై ముట్టుకోవాలి. స్లైడ్ కింద సేఫ్టీ బ్లాక్ పెట్టాలి. ఈ పని ఇద్దరు కలిసి చేయడం మంచిది. సెట్టింగ్ కోసం ఇంచింగ్‌లో నడపవచ్చు. గాలి ఒత్తిడి తగ్గితే స్లైడ్ కిందికి జారే ప్రమాదం ఉంది.’

ఒక ప్రశ్న మిగిలింది. యంత్రానికి అంటించే గుర్తుల మీద మాత్రం చైనావాళ్లే ‘బీషూ’ వాడతారు, ‘రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవాలి’ లాంటి నీలం గుర్తుల్లో. అక్కడ ‘తప్పనిసరిగా’ రానివ్వాలా, లేక లోపల రాసినట్టే ఒట్టి ‘ఆలి’ చాలా?

యాదగిరి: గుర్తు మీద ‘కళ్లద్దాలు పెట్టుకోండి’ అంటే చాలు. దూరం నుంచి కనవడాలె, చిన్నగుండాలె.

రమణ మాస్టారు: ‘పెట్టుకోండి’ నాకు కొంచెం మెత్తగా తోస్తోంది. రెండు రకాల అచ్చులూ షాపులో అంటించి, వాళ్లనే అడగండి యాదగిరి గారూ.