మెయిల్‌లో ‘డూ ది అప్రూవ్’ అని రాయకుండా ఉండేదెలా?

నమస్కారం. హైదరాబాద్‌లో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. బిల్లుల ఆమోదం కోసం రోజూ ఇంగ్లీషులో మెయిళ్లు రాయాలి. పోయిన వారం ‘ప్లీజ్ డూ ది అప్రూవ్’ అని పంపాను. మేనేజర్ గారు పక్కకు పిలిచి, ‘ప్లీజ్ అప్రూవ్’ అంటే చాలమ్మా అన్నారు. చాలా బాధగా అనిపించింది.

ఆలోచిస్తే కారణం తెలిసింది. మనం ‘అప్రూవ్ చేయండి’ అంటాం. ఇంగ్లీషు క్రియను నామవాచకంలా వాడి, పక్కన ‘చేయు’ తగిలిస్తాం. నేను ఆ ‘చేయు’ను కూడా ‘డూ’గా మార్చేస్తున్నాను. సరే, ‘డూ ది’ తీసేద్దామనుకుంటే, ‘పేమెంట్ చేయండి’ కాస్తా ‘ప్లీజ్ పేమెంట్’ అయింది! అక్కడ ‘పే’ అనాలట, లేదా ‘మేక్ ది పేమెంట్’ అనాలట. అంటే ‘చేయు’ ముందు మనం ఒకచోట క్రియను, మరొకచోట నామవాచకాన్ని పెడుతున్నాం.

‘అప్రూవల్ రాలేదు’ అంటాం గానీ ‘అప్రూవ్ రాలేదు’ అనం కదా. కాబట్టి ‘వచ్చింది’ చేర్చి చూస్తున్నాను: కుదిరితే నామవాచకం. ‘పేమెంట్ వచ్చింది’ కూడా కుదురుతుంది. కానీ ‘రిక్వెస్ట్’, ‘అప్‌డేట్’ లాంటివి రెండు విధాలా ఒకే రూపంలో ఉంటాయి. అక్కడ ఈ పరీక్ష పనిచేయదు. స్పెల్లింగ్ తనిఖీ కూడా పట్టుకోదు, ఎందుకంటే ‘అప్రూవ్’ అక్షరదోషం కాదు.

పంపే ముందు మీరు దీన్ని ఎలా సరిచూసుకుంటారు? ఆఫీసు మెయిళ్లలో తరచూ వచ్చే ఇలాంటి జంటలు మీకు తెలిస్తే దయచేసి రాయండి.