"స్పష్టత తగ్గించండి" అనొచ్చా? 120 హెర్ట్జ్ సూచనకు తెలుగు వాక్యం కావాలి

సుజాత: ఒక ఫుల్ హెచ్‌డీ మానిటరు వాడుక పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. గేమ్ కన్సోల్ కలుపుకునేవాళ్ల కోసం అందులో చిన్న సూచన ఉంది. హై ఫ్రేమ్ రేట్ మోడ్, అంటే సెకనుకు 120 ఫ్రేములు కావాలంటే కన్సోల్‌లో రిజల్యూషన్ 1080పీ పెట్టుకోవాలి, అంతకంటే పైది పెడితే 60 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది అని దాని సారాంశం. నేను "అధిక చట్ర వేగం కొరకు స్పష్టతను తగ్గించండి" అని రాశాను. చదివి చూసిన మా సహోద్యోగి, "బొమ్మ మసకగా పెట్టుకోమంటున్నావా?" అని అడిగింది. అప్పటినుంచి చట్రం, వేగం, స్పష్టత, మూడు మాటల మీదా నాకు అనుమానమే. మీరైతే ఎలా రాస్తారు?

వెంకటరమణ: "స్పష్టత" తప్పేమీ కాదమ్మా, చాలాచోట్ల వాడుతున్నారు. "చట్రం" అంటే మాత్రం నాకు కిటికీ చట్రమే గుర్తొస్తుంది. హెర్ట్జ్‌కి మన భౌతికశాస్త్రం పుస్తకాల్లో పౌనఃపున్యం అనే చక్కని మాట ఉంది. పునః పునః, అంటే మళ్లీ మళ్లీ. తెర మళ్లీ మళ్లీ మారడాన్ని చెప్పడానికి ఇంతకంటే అతికే మాట దొరకదు. "అధిక పౌనఃపున్య విధానం" అనండి.

ఫణి: పౌనఃపున్యం అని రాస్తే గేమ్ ఆడే పిల్లలు ఆ పేజీ తిప్పేస్తారండీ. అది అలా ఉంచండి, అసలు ఆ సూచనే అనుమానంగా ఉంది. 120 రావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 ఉండాలి కదా? మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటరుకి అది ఎక్కడుంటుంది?

మురళీధర్: ఫణి గారూ, మీరన్నది 4కే తెరకు వర్తిస్తుంది. 1080పీ దగ్గర అంత అవసరం లేదు. నేను తెరల సర్వీసులో ఉన్నాను, ఈ లెక్క మాకు రోజూ ఎదురయ్యేదే. బొమ్మ 1920 చుక్కల వెడల్పు, 1080 వరుసల ఎత్తు ఉన్నా, హెచ్‌డీఎంఐ కేబుల్లో వెళ్లేటప్పుడు అంచుల్లో కొంత ఖాళీ జాగా కూడా కలిసి వెళుతుంది. అదంతా కలిపితే 2200, 1125 అవుతాయి. సెకనుకు 120 సార్లు పంపితే:

```
2200 × 1125 × 120 = 297000000
```

అంటే 297 మెగాహెర్ట్జ్. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 పరిమితే 340. 2013లో వచ్చిన 2.0కి 600. కాబట్టి 1080పీలో 120 పాత పోర్టుకి కూడా అందేదే. అదే 4కేలో అయితే ఒక్కో బొమ్మ నాలుగింతలు. 60 హెర్ట్జ్‌కే 594 అవుతుంది, 2.0 పోర్టు దాదాపు నిండిపోయినట్టే. 120 పెడితే 1188, అది 2.0లో పట్టదు. సుజాత గారి పుస్తకంలో "అంతకంటే పైది పెడితే 60 దగ్గరే" అని ఉన్నది ఇందుకే.

ఫణి: అయితే పోర్టు చాలితే 120 వచ్చేస్తుందన్నమాట.

మురళీధర్: చాలినంత మాత్రాన రాదు. మానిటరు తను ఏయే రకాల సంకేతాలు తీసుకుంటుందో ఒక జాబితా కన్సోల్‌కి చెబుతుంది. ఆ జాబితాలో 1080పీ 120 లేకపోతే కన్సోల్ దాన్ని చూపించదు. 144 హెర్ట్జ్ అని పెద్దక్షరాల్లో రాసిన మానిటర్లలో కొన్ని ఆ 144ని డిస్‌ప్లేపోర్ట్ మీదే ఇస్తాయి, హెచ్‌డీఎంఐ మీద 60 మాత్రమే చెబుతాయి. కన్సోల్‌కి ఉండేది హెచ్‌డీఎంఐ ఒక్కటే. కొనేముందు చూడాల్సింది "హెచ్‌డీఎంఐ మీద ఎంత" అన్న వరుస. సుజాత గారూ, వీలైతే ఆ వరుసని ఈ సూచన పక్కనే పెట్టించండి.

లక్ష్మీకాంతం: నాకు అసలు ప్రశ్నే అర్థం కాలేదు. నా ఫోన్ కెమెరాలో 120 ఫ్రేములు పెడితే వీడియో నెమ్మదిగా కదులుతుంది. మీరు దాన్ని "అధిక వేగం" అంటున్నారు. నెమ్మది కాదా అది?

సుజాత: మీది స్లో మోషన్ సంగతి, లక్ష్మీకాంతం గారూ. 120 చొప్పున తీసి, 30 చొప్పున చూపిస్తారు కాబట్టి నెమ్మదిగా కనిపిస్తుంది. ఇక్కడ తయారయ్యేదీ 120, చూపేదీ 120. కానీ మీ ప్రశ్న నాకు పనికొచ్చింది. "వేగం" అన్న మాట ఒకరికి నెమ్మదినీ, ఇంకొకరికి గేమ్‌లో మనిషి గబగబా పరిగెత్తడాన్నీ గుర్తుచేస్తే ఆ మాట పనికిరాదు. గేమ్ పరుగు మారదు, అదే సెకనులో రెట్టింపు బొమ్మలు వస్తాయి, అంతే. వేగం తీసేస్తున్నాను.

నాగేశ్వరరావు: నాది ఫుల్ హెచ్‌డీ టీవీ. డబ్బా మీద 200 అని ఉంది. కన్సోల్ మాత్రం 60కి మించి ఇవ్వనంటోంది. 200 ఉన్న టీవీకి 120 రాదా? కన్సోల్ పాడైందంటారా?

మురళీధర్: కన్సోల్‌ని అనుమానించకండి. డబ్బా మీది ఆ సంఖ్య చాలా టీవీల్లో బయటినుంచి తీసుకునేది కాదు. టీవీ లోపలికి వచ్చేది 50 లేదా 60 బొమ్మలే. మధ్యలో తనే కొన్ని కల్పించి చేర్చుకుంటుంది, ఆ కదలిక నునుపుకి ఒక సంఖ్య పెట్టుకుంటారు. అలాంటి టీవీ 1080పీ 120 తీసుకుంటానని చెప్పదు. టీవీ స్పెసిఫికేషన్లలో "ఇన్‌పుట్" కింద 1080పీ పక్కన 120 ఉందో లేదో చూడండి. లేకపోతే సెట్టింగులతో వచ్చేది కాదు.

నాగేశ్వరరావు: ఇన్‌పుట్ కింద 60 అనే ఉంది. సరే, అర్థమైంది.

శిరీష: సుజాత గారూ, నాకు ఈ నెలలోనే జరిగింది చెబుతాను, మీ వాక్యానికి అక్కరకొస్తుంది. నా మానిటరు ఫుల్ హెచ్‌డీ, 120 తీసుకునేదే. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కలిపాను. Settings, General, తర్వాత TV & display options. రిఫ్రెష్ రేట్‌లో 120Hz ఎంచుకోనివ్వడం లేదు. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను. చివరికి చూస్తే రిజల్యూషన్ 4K UHD అని ఉంది! తెర ఫుల్ హెచ్‌డీ అయినా నా మానిటరు 4కే సంకేతం తీసుకుని లోపల కుదించుకుంటుందట. దాన్ని 1080pకి మార్చగానే 120Hz వచ్చేసింది. అయితే ఆ ముందు రెండు రోజులు రిజల్యూషన్ ముట్టుకోలేదు. ఎందుకంటే ఎక్కడో "స్పష్టత తగ్గించుకోవాలి" అని చదివాను. డబ్బు పెట్టి కొన్న తెర, ఉన్న స్పష్టత ఎందుకు పోగొట్టుకోవాలి అనుకున్నాను.

మురళీధర్: శిరీష గారి అనుభవమే ఈ చర్చకి అసలు జవాబు. "రిజల్యూషన్" అనే ఒక్క మాట మూడుచోట్ల మూడు వేర్వేరు వాటికి వాడుతున్నారు. గేమ్ లోపల గీసుకునేది ఒకటి, కేబుల్లో పంపేది ఒకటి, తెర మీద నిజంగా ఉన్న చుక్కలు ఒకటి. ఫుల్ హెచ్‌డీ తెర మీద ఉన్నవి 1920, 1080 చుక్కలే, అవి పెరగవు, తరగవు. ఆవిడ మార్చింది పంపేదాన్ని. పంపేది తెరతో సరిగ్గా సమానం చేశారు. అందులో తగ్గించడం ఎక్కడుంది?

వెంకటరమణ: గీసేది, పంపేది, ఉన్నది. ఇలా క్రియలతో చెబితే కొత్త పదాల పనే లేదే! బాగుంది. పౌనఃపున్యం మీద నా పట్టు మాత్రం వదలను.

ఫణి: ఒక్క అభ్యంతరం. 4కేలో పంపి కుదించినప్పుడు గీతల అంచులు నునుపుగా కనిపిస్తాయి. నేను చూశాను. కాబట్టి ఏమీ పోదు అనడం పూర్తిగా నిజం కాదు.

మురళీధర్: ఒప్పుకుంటాను, మంచి మాట. కాకపోతే ఆ నునుపు గేమ్ ఎక్కువ చుక్కలు గీసి కుదించడంవల్ల వస్తుంది, ఆ కుదింపు కన్సోల్ కూడా చేయగలదు. 1080పీ పంపుతున్నా గేమ్ లోపల పెద్దగా గీసి ఉంటే ఆ నునుపు చాలావరకు ఉంటుంది. అసలు తగ్గేది ఇంకోచోట. 120 మోడ్‌లో ఒక్కో బొమ్మకి దొరికే సమయం 16.7 మిల్లీసెకన్ల నుంచి 8.3కి పడిపోతుంది. ఆ సమయంలో పూర్తి చేయడానికి గేమే తక్కువ చుక్కలు గీస్తుంది, నీడలు తగ్గిస్తుంది. "తగ్గుతుంది" అనాలనుంటే గేమ్ గీసేదాని గురించి అనండి. అది గేమ్‌ని బట్టి ఉంటుంది, మానిటరు పుస్తకం మాట ఇవ్వగలిగేది కాదు.

శిరీష: పీఎస్5లో కూడా ఇంతేనా? మా తమ్ముడి దగ్గర అదుంది.

మురళీధర్: అందులో రెండుచోట్ల చూడాలి. Screen and Video లో Video Output కింద Enable 120 Hz Output ని Automatic పెట్టాలి. ఆ తర్వాత Saved Data and Game/App Settings లో Game Presets కింద Performance Mode ఎంచుకోవాలి. మొదటిది తలుపు తెరుస్తుంది, రెండోది గేమ్‌ని ఆ దారి పట్టమంటుంది. గేమ్‌లోనే ఆ మోడ్ లేకపోతే ఈ రెండూ పెట్టినా 60 దాటదు. కొన్ని గేముల్లో వాటి సొంత మెనూలో మళ్లీ విడిగా ఆన్ చేయాలి కూడా.

లక్ష్మీకాంతం: నిజంగా 120 వస్తోందని ఎలా తెలుస్తుంది? కంటికి తెలియకపోతే?

మురళీధర్: మానిటరు మెనూలో సమాచారం పేజీ ఉంటుంది, దాంట్లో 1920x1080, 120Hz అని కనిపించాలి. అక్కడ కనిపించినా కొన్ని తెరలు 120 తీసుకుని సగం పారేస్తాయి. అది పట్టుకోవడానికి కంప్యూటరు కలిపి, ఒక్కో ఫ్రేముకి ఒక్కో గడి వెలిగే పరీక్ష పేజీ తెరిచి, కెమెరా షటర్ సెకనులో పదోవంతు పెట్టి ఫోటో తీస్తాం. 120 దగ్గర వరసగా పన్నెండు గడులు వెలిగి ఉంటే తెర నిజం చెబుతున్నట్టు. ఒకటి విడిచి ఒకటి వెలిగితే సగం పారేస్తున్నట్టు.

సుజాత: అందరికీ కృతజ్ఞతలు. ఇదిగో ఇప్పుడు రాసుకున్నది: "సెకనుకు 120 ఫ్రేములు కావాలంటే, కన్సోల్ పంపే రిజల్యూషన్‌ను 1080pకి మార్చండి. ఈ తెరలో ఉన్న చుక్కలు అన్నే. అంతకు మించి పంపితే 60 హెర్ట్జ్ మాత్రమే వస్తుంది." స్పష్టత పోయింది, వేగం పోయింది, తగ్గించండి పోయింది. ఫ్రేమును అలాగే ఉంచాను, చట్రం అనడానికి మనసొప్పలేదు.

వెంకటరమణ: "బొమ్మలు" అనొచ్చుగా? ఇందాక నువ్వే "రెట్టింపు బొమ్మలు" అన్నావు.

సుజాత: అన్నానండీ. మాట్లాడేటప్పుడు సహజంగా వచ్చింది, అచ్చులో పెడితే గేమ్‌లోని పాత్రలు అనుకుంటారేమోనని భయం. తెర మెనూలో ఫ్రేమ్ అనే ఉంటుంది, పుస్తకంలో వేరే మాట ఉంటే వెతుక్కోవాలి.

ఫణి: నా ఓటు ఫ్రేముకే.

వెంకటరమణ: నాది బొమ్మకి. పాత్ర అని పొరబడేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో మా మనవడి చేత చదివించి చెబుతాను.