పండగ సేల్ పేజీ: ఏటా అదే చిరునామానా, కొత్త పేజీనా?

కొత్తకలం

మా వెబ్‌సైటులో ఏటా పండగకు ముందు మూడు వారాలు సేల్ నడుస్తుంది. దానికి ఒకే లాండింగ్ పేజీ ఉంది. టైటిల్‌లోనూ డిస్క్రిప్షన్‌లోనూ సంవత్సరం మార్చి, ఏటా అదే వాడుతున్నాం. ఈసారి 2025 అని మార్చి పది రోజులైంది, గూగుల్‌లో మాత్రం ఇంకా 2024 అనే కనిపిస్తోంది. పాత పేజీనే మళ్లీ మళ్లీ వాడటం తప్పా? ఏటా కొత్తది పెట్టుకోవాలా?

లింకులలెక్క

నా ఓటు కొత్త పేజీకే. చిరునామాలోనే 2025 ఉంటే ఇది ఏ ఏడాదిదో ఎవరికీ సందేహం రాదు. ఏ సంవత్సరం లెక్క ఆ సంవత్సరానికి విడిగా ఉంటుంది. పోయినసారి ఆఫర్ గురించి కొనుగోలుదారు ఎవరైనా పేచీ పెడితే పాత పేజీ చూపించవచ్చు. మీ పేజీ మీద ఇప్పటికే "గత ఏడాదిది" అన్న ముద్ర పడిపోయింది, దాన్ని చెరపడం కష్టం. ఇంకొక మాట, డిస్క్రిప్షన్‌లో 2025 అన్నది మూడు నాలుగు సార్లు వచ్చేలా రాయండి, ర్యాంకు త్వరగా పెరుగుతుంది.

పాతకాపు

లింకులలెక్క గారూ, లెక్కలు విడిగా ఉండాలన్న మీ కోరిక న్యాయమైనదే. కానీ దానికి చిరునామా మార్చడం చాలా ఖరీదైన దారి. డిస్క్రిప్షన్ సంగతి మాత్రం సరికాదు. అందులోని పదాలు ర్యాంకును పెంచవు. ఫలితాల్లో టైటిల్ కింద కనిపించే రెండు వాక్యాలకు అది ఒక ముడిసరుకు మాత్రమే, అది కూడా గూగుల్ వాడుకుంటేనే. వెతికిన మాటకు పేజీలోని వేరే వాక్యం బాగా అతికితే దాన్నే చూపిస్తుంది. అంకెను నాలుగు సార్లు రాస్తే చదివే మనిషికి చిరాకు తప్ప ఇంకేమీ రాదు.

ఏటా కొత్త పేజీ పెట్టిన సైటును నేను దగ్గరుండి సరిచేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. 2022, 2023, 2024కు మూడు పేజీలు ఉండేవి. ఒక్కొక్కటి మూడు వారాలు బతికేది, తర్వాత దాన్ని పట్టించుకునేవారే లేరు. బయటి సైట్లు ఇచ్చిన లింకులు, పాఠకులు దాచుకున్న లింకులు అన్నీ 2022 పేజీకే వెళ్లేవి. 2024లో సేల్ నడుస్తుండగా వెతికితే పైన వచ్చింది 2022 పేజీ, అందులో ఒక్క వస్తువూ లేదు. అప్పటి కొత్త పేజీ ఎక్కడో కింద ఉంది. మూడేళ్లు సంపాదించిన పరపతి మూడు ముక్కలైపోయిందన్నమాట. చివరికి సంవత్సరం లేని ఒకే చిరునామా పెట్టి, ఆ మూడింటినీ 301 రీడైరెక్టుతో దానికి కలిపాం. ఏటా వచ్చే సేల్‌కు ఒకే చిరునామాను మళ్లీ వాడమని గూగుల్ కూడా తన మార్గదర్శకాల్లో చెబుతుంది.

కొత్తకలం గారూ, మీరు పేజీని మళ్లీ వాడటం తప్పు కాదు. మరి సంవత్సరాన్ని ఎక్కడెక్కడ మార్చారు? పేజీలో కనిపించే పెద్ద హెడింగ్ ఏమని ఉంది?

చిన్నఅంగడి

నాకూ ఇదే బాధ. వాట్సాప్‌లో మా సేల్ లింకు పంపితే పోయినేటి బొమ్మ, పోయినేటి పేరు వస్తున్నాయి. గూగుల్ మారేదాకా ఆగాలంటారా?

పాతకాపు

చిన్నఅంగడి గారూ, మీది వేరే సంగతి, దానికి గూగుల్‌తో పని లేదు. వాట్సాప్ చూసేది పేజీలో ఉండే `og:title`, `og:image` అనే రెండు వరుసలను. టైటిల్ మార్చేవారు వీటిని మరచిపోవడం చాలా మామూలు. వాటిని మార్చండి. బొమ్మను పాత ఫైలు పేరుతోనే పైన వేయకుండా కొత్త పేరుతో పెట్టండి, లేకపోతే ఇదివరకు దాచి ఉంచిన బొమ్మే మళ్లీ రావచ్చు. ఇప్పటికే పంపిన సందేశాల్లో ఉన్న బొమ్మ ఎలాగూ మారదు.

కొత్తకలం

పేజీ కోడు తీసి చూశాను. టైటిల్, డిస్క్రిప్షన్ రాసేది నేను, హెడింగ్ మార్చేది డిజైన్ చేసేవారు. ఇలా ఉంది:

```html
<title>పండగ సేల్ 2025: తేదీలు, ఆఫర్లు</title>
<h1>పండగ సేల్ 2024</h1>
```

హెడింగ్ కింద మొదటి పేరాలో కూడా "2024 సేల్‌కు స్వాగతం" అని ఉంది. పైన బ్యానర్‌లో 2025 అని పెద్దగా కనిపిస్తోంది గానీ అది బొమ్మ. అందుకే మా కళ్లకు అంతా మారినట్టే అనిపించింది.

పాతకాపు

దొరికింది. ఫలితాల్లో కనిపించే పేరును గూగుల్ మన టైటిల్ ఒక్కదాని నుంచే తీసుకోదు. పేజీలోని హెడింగులు, పెద్ద అక్షరాల్లో ఉన్న మాటలు, `og:title`, ఈ పేజీకి వచ్చే లింకుల మీద రాసిన మాటలు కూడా చూస్తుంది. అన్నీ ఒకే మాట చెబితే మన టైటిల్ నిలుస్తుంది. ఒకటి 2025 అని, మిగతావి 2024 అని అంటే ఏది నమ్మాలో అది నిర్ణయించుకుంటుంది. టైటిల్‌లో పాత సంవత్సరం ఉండిపోయి హెడింగ్‌లో కొత్తది ఉన్నప్పుడు హెడింగ్ వైపు మొగ్గవచ్చని గూగుల్ స్వయంగా రాసింది. మీ దగ్గర తిరగబడింది, పేజీ మొత్తం 2024 అంటుంటే టైటిల్ ఒక్కటే 2025 అంటోంది.

అయితే ఇదే కారణమని ఇప్పుడే తీర్మానించకండి. ఇంకో అవకాశం ఉంది, గూగుల్ అసలు మీరు మార్చిన పేజీని ఇంకా చూడకపోయి ఉండవచ్చు. ఏడాదిలో పదకొండు నెలలు కదలకుండా ఉండే పేజీ దగ్గరికి అది తరచుగా రాదు. తేడా తెలుసుకోవడం సులువు. సెర్చ్ కన్సోల్‌లో ఈ చిరునామాను తనిఖీకి ఇవ్వండి. చివరిసారి ఎప్పుడు వచ్చి చూసిందో తేదీ ఉంటుంది, అప్పుడు తీసుకున్న కోడు కూడా కనిపిస్తుంది. అందులో టైటిల్ 2024 అని ఉంటే ఆలస్యమే కారణం, మళ్లీ చూడమని అభ్యర్థన పంపితే సరిపోతుంది. 2025 అని ఉండి కూడా ఫలితాల్లో 2024 వస్తుంటే, చూసి కూడా మీ టైటిల్‌ను పక్కన పెట్టిందన్నమాట. అప్పుడు హెడింగ్, పేరా, లింకులు మార్చకుండా ఎన్ని అభ్యర్థనలు పంపినా ప్రయోజనం లేదు.

మాటలమూట

ఈ మతిమరుపు బెడద వదిలించుకోవాలని మేము ఒకప్పుడు సంవత్సరం దానంతటదే మారేలా టెంప్లేట్‌లో ఈ వరుస పెట్టాం:

```php
<title>పండగ సేల్ <?php echo date('Y'); ?></title>
```

జనవరి 1న టైటిల్ కొత్త సంవత్సరానికి మారిపోయింది. పండగ ఇంకా ఎన్నో నెలల దూరంలో ఉంది, లోపల పాత తేదీలు, పాత తగ్గింపులు. కొత్త సేల్ మొదలైందనుకుని వచ్చినవారు ముగిసిపోయిన ఆఫర్లు చూసి మాకు ఫిర్యాదులు రాశారు. ఆ ఉత్తరాలకు నేనే జవాబులు రాశాను. ఒక్కొక్కరికీ క్షమాపణ చెబుతుంటే ఈ అంకె ఎంత పెద్ద మాటో అర్థమైంది. సంవత్సరం వేయడమంటే "ఈ ఏడాది సమాచారం లోపల ఉంది" అని మాట ఇవ్వడమే. లోపలి విషయం సిద్ధం కాకుండా ఆ మాట ఇవ్వకూడదు, యంత్రం చేత ఇప్పించకూడదు.

అందుకే నా పద్ధతి ఇది. సేల్ తేదీలు ఖరారైన రోజున టైటిల్‌లో సంవత్సరం వేస్తాను. ముగిసిన వెంటనే తీసేస్తాను. మిగతా కాలమంతా "పండగ సేల్: తేదీలు, ఆఫర్ల వివరాలు" అనే ఉంటుంది.

పాతకాపు

యంత్రం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. తీసేయడం విషయంలోనే కొంచెం భేదం. ముగిసిన తర్వాత కూడా ఆ ఏడాది సేల్‌లో ఏముందో తెలుసుకోవాలని వెతికేవారు ఉంటారు. "పండగ సేల్ 2025 ముగిసింది" అని టైటిల్ రాసి, కొత్త తేదీలు వచ్చేదాకా అలాగే ఉంచడం నిజాయితీగానే ఉంటుంది కదా?

మాటలమూట

ముగిసింది అన్న పేరును ఎవరు నొక్కుతారు? వచ్చే సేల్ ఎప్పుడని వెతికేవారే ఎక్కువ. వాళ్లను గుమ్మంలోనే వెనక్కి పంపినట్టవుతుంది.

లింకులలెక్క

డిస్క్రిప్షన్ గురించి నేను పొరబడ్డాను, ఒప్పుకుంటున్నాను. లింకులు చెదిరిపోతాయన్నదీ అర్థమైంది. లెక్కలంటారా, తేదీలు బట్టి విడదీసుకోవచ్చు, సరే. కానీ రుజువు సంగతి మిగిలే ఉంది. ఒకే పేజీని తిరగరాస్తూ పోతే పోయినేటి షరతులు ఎక్కడ దొరుకుతాయి?

పాతకాపు

సేల్ ముగిసిన రోజున పాత విషయాన్ని `/festival-sale/2024/` లాంటి చోటికి నకలు తీసి, అసలు చిరునామాను వచ్చే సేల్‌కు వాడుకోవచ్చు. ఎప్పుడూ ముందుండేది సంవత్సరం లేని చిరునామాయే. నకలు పేజీలో పైన "ఇది ముగిసిన సేల్" అని రాసి, ప్రస్తుత పేజీకి లింకు ఇవ్వాలి. ఆ నకలును ఇండెక్సులో ఉంచాలా వద్దా అన్నదానిపై నాకే రెండు మనసులు. ఉంచితే కొన్ని వెతుకులాటల్లో అది అసలు పేజీకి పోటీ రావచ్చు. తీసేస్తే పాత వివరాలు వెతికేవారికి దొరకదు. రుజువు కోసమే అయితే తీసేయడమే మేలు, లింకు ఉన్నవారు ఎలాగూ తెరవగలరు.

ఒక్కటి మాత్రం చేయకండి. సేల్ అయిపోగానే అసలు పేజీలోని వస్తువులన్నీ తీసేసి "ప్రస్తుతం ఆఫర్లు లేవు" అన్న ఒక్క వాక్యం మిగల్చకండి. అలాంటి పేజీని గూగుల్ లేని పేజీ కింద లెక్కగట్టి ఇండెక్సు నుంచి తీసేసే ప్రమాదం ఉంది. అప్పుడు వచ్చే ఏడాది మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

మాటలమూట

డిస్క్రిప్షన్ రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త చెబుతాను. "ఈ రోజే ఆఖరు", "ఇంకా మూడు గంటలే" లాంటివి అందులో రాయకండి. గూగుల్ మళ్లీ వచ్చి చూడటానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టవచ్చు. సేల్ ముగిసిన వారానికి కూడా ఫలితాల్లో "ఈ రోజే ఆఖరు" అని కనిపిస్తుంటే చదివినవారు మనల్ని అబద్ధాలకోరులనుకుంటారు. నేను డిస్క్రిప్షన్‌లో మొదటి తేదీ, చివరి తేదీ, ఏ రకం వస్తువులున్నాయో మాత్రమే రాస్తాను, అవి ఎన్నాళ్లు నిలిచినా తప్పు కావు. పేజీలో గంటలు లెక్కపెట్టే గడియారం ఉంటే, అందులోని అక్షరాలు ఫలితాల్లోకి ఎక్కకుండా దాని చుట్టూ ఇలా పెట్టాలి:

```html
<div data-nosnippet>ఇంకా 3 గంటలు</div>
```

కొత్తకలం

తనిఖీ చేశాను. గూగుల్ నేను మార్పు చేసిన నాలుగో రోజునే వచ్చి చూసింది. అది తీసుకున్న కోడులో టైటిల్ 2025 అనే ఉంది. అంటే ఆలస్యం కాదు, చూసే పక్కన పెట్టింది. హెడింగ్, మొదటి పేరా మార్చాను. పాతకాపు గారు లింకుల మీది మాటలన్నారు కదా అని వెతికితే, మా హోం పేజీ అడుగున "పండగ సేల్ 2024" అన్న లింకు దొరికింది. అది కూడా మార్చి, మళ్లీ చూడమని అభ్యర్థన పంపాను.

కొత్తకలం

ఆరు రోజుల తర్వాత రాస్తున్నాను. సేల్ పేరుతో వెతికితే ఇప్పుడు 2025 వస్తోంది. "పండగ సేల్ షరతులు" అని వెతికితే మాత్రం టైటిల్ సరిగానే ఉన్నా, కింద వచ్చే వాక్యంలో 2024 తేదీలు ఉన్నాయి. వెతికి చూస్తే అవి పేజీ అడుగున, నొక్కితే తెరుచుకునే ప్రశ్నల్లో ఉన్నాయి. వాటిని ఇప్పుడు మారుస్తున్నాను. సేల్ ముగిశాక టైటిల్ ఏమని పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు. మీ ఇద్దరి మాటా మా వాళ్ల ముందు పెడతాను.