జులైలో 265 యూనిట్లే వచ్చాయి, 3 కిలోవాట్ల సోలార్‌కి ఇది మామూలేనా?

హైదరాబాద్‌లో మా డాబా మీద జూన్‌లో పెట్టించాం, ప్యానెళ్లు దక్షిణం వైపే, నీడ లేదు. రోజుకి 12 యూనిట్లన్నారు, అంటే నెలకి 360. మబ్బు లేని మధ్యాహ్నం ఇన్వర్టర్ 2.3 కిలోవాట్ల దాకా చూపిస్తోంది కాబట్టి లోపం సిస్టమ్‌లో లేదు, వానాకాలం మబ్బులదే అనుకుంటున్నా. కరెక్టేనా?

జులై లెక్కని 12తో గుణిస్తే ఏడాది అంచనా తప్పుతుందని తెలుసు, కానీ మిగతా నెలలకి ఎంత వేసుకోవాలి? డిసెంబర్‌లో పగలు చిన్నదైనా ఆకాశం తేటగా, ప్యానెల్ చల్లగా ఉంటుంది. మేలో ఎండ ఎక్కువే గానీ 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 0.35 శాతం పవర్ తగ్గుతుందని డేటాషీట్‌లో ఉంది, ప్యానెల్ 65కి చేరితే 14 శాతం పోయినట్టే (దుమ్ము సంగతి వేరే). అందుకే మార్చి, ఏప్రిల్ నెలలే టాప్ అని నా అంచనా. ఏడాది దాటినవాళ్లు మీ నెలవారీ యూనిట్లు, ఊరు, ప్యానెల్ వాలు చెప్తారా?