వీర్యంలో రక్తం కనిపిస్తే 30ల్లో ఒకలా, 50 దాటాక ఒకలా ఎందుకు చూస్తారు?

రాజోలు కుర్రోడు: మా బావగారికి 52 ఏళ్లండి. మూడు వారాల్లో రెండుసార్లు వీర్యంలో రక్తం పడింది. మొదట ఎర్రగా, తర్వాత గోధుమ రంగులో. నొప్పి లేదు, మంట లేదు. బీపీ మాత్రలు మానేశారు, స్టెంట్ వేశాక ఆస్పిరిన్ వాడుతున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు వేడి చేసిందని మూడు రోజులకు యాంటీబయాటిక్ ఇచ్చారు. టెస్టులు అవసరమా?

కొబ్బరితోట: వేడే అయ్యుంటుంది. రోజూ రెండు బొండాలు తాగించండి, మూత్రం తెల్లబడుతుంది.

కాలవగట్టు: అడిగింది మూత్రం గురించి కాదండి. మూత్రంలో కూడా రక్తం పడితే దారి వేరు: మూత్రాశయం, కిడ్నీలు కూడా చూడాలి. ముందు ఆ సంగతి కనుక్కోండి.

యూరాలజీ నర్సు, కాకినాడ: 40 లోపు వాళ్లకి ఒక్కసారి పడి, వేరే బాధ ఏదీ లేకపోతే చాలామందికి కారణమే దొరకదు, దానంతటదే పోతుంది. దొరికితే ఎక్కువగా ఇన్‌ఫెక్షనే: మూత్రనాళంలోనో, ప్రోస్టేట్‌లోనో, వృషణం వెనకున్న నాళంలోనో. కొత్త సంబంధం ఉంటే సుఖవ్యాధుల పరీక్ష కూడా చేయిస్తారు. 40 దాటితే ప్రోస్టేట్‌ను చూడకుండా వదలకూడదు. అక్కడా ఎక్కువసార్లు తేలేది వాపు, రాళ్లు, తిత్తి లాంటివే. క్యాన్సర్ అరుదు, కానీ ఆ వయసులో అది కాదని తేల్చుకోవాలి.

రంగు మారిందని కొత్త రక్తం అనుకోకండి. పాత రక్తం వీర్యకోశాల్లో నిలిచి, ముదిరిన బెల్లం పాకంలా నల్లబడి, తర్వాతి కొన్ని స్ఖలనాల దాకా వస్తుంది. మళ్లీ ఎర్రగా వస్తే మాత్రం కొత్తగా కారుతోందని.

భీమవరం: మరైతే ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష, పీఎస్ఏ ఒకటి చేయించేస్తే సరిపోతుంది. పెరిగితే క్యాన్సర్, లేకపోతే లేదు.

యూరాలజీ నర్సు, కాకినాడ: పీఎస్ఏ చేయించాలి నిజమే, కానీ అంత సూటిగా చెప్పదండి. ఇన్‌ఫెక్షన్ ఉంటే అదీ పెంచుతుంది, అది తగ్గాక ఆరు వారాలు ఆగి చేయించాలి. ముందు రెండు రోజులు స్ఖలనం కాకూడదు. మామూలుగా వచ్చినంత మాత్రాన క్యాన్సర్ లేదని కూడా కాదు, అందుకే డాక్టరు మలద్వారం గుండా వేలితో ప్రోస్టేట్ గట్టిదనం చూస్తారు. సిగ్గుపడి వద్దనేవాళ్లు ఎక్కువ. ఆ నిమిషం పరీక్ష తప్పించుకుంటే స్కాన్ చేయించినా సగం సమాచారమే.

మీ బావగారి విషయంలో నేనైతే ముందు బీపీ చూస్తాను. 170, 180 దాటి ఉంటే అదే రక్తం కారడానికి సాయం చేస్తుంది. ఆస్పిరిన్ కూడా రక్తాన్ని కారనిస్తుంది, కానీ స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా ఆపితే గుండెకే ప్రమాదం, గుండె డాక్టరును అడగాలి. మూత్రం మామూలు పరీక్ష, మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్, పీఎస్ఏ, వేలి పరీక్ష, ఇవి మొదటి విడత.

గోదారమ్మ: ఇంట్లో ఒక్క పరీక్ష ఉందండీ, దాన్ని ఎవరూ చెప్పట్లేదు. కండోమ్ వాడి చూడమనండి. అందులో తెల్లగానే ఉంటే రక్తం ఆడమనిషి వైపు నుంచి వచ్చి ఉండొచ్చు. అప్పుడు చూపించాల్సింది ఆమెని, గైనిక్ దగ్గర. ఈ తికమకతో మగాళ్లు అనవసరంగా స్కాన్లు తిరుగుతారు.

మండపేట: మా నాన్నగారికి ప్రోస్టేట్ బయాప్సీ అయ్యాక నెల దాటినా రక్తం పడింది. ఇదీ అదేనా?

యూరాలజీ నర్సు, కాకినాడ: బయాప్సీ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు కనిపించడం మామూలే. జ్వరం, చలి, మూత్రం ఆగిపోవడం, గడ్డలుగా రక్తం, వీటిలో ఏది వచ్చినా అదే రోజు ఆసుపత్రికి. పై ప్రశ్నలో బయాప్సీ లేదు కదండీ.

కాలవగట్టు: ఒక మాట మిగిలింది. మూత్రంలో చీము కణాలు ఉండి కల్చర్‌లో ఏమీ పెరగకపోతే మన దేశంలో టీబీని మరిచిపోకూడదు. పొద్దున్నే మొదటి మూత్రం వరుసగా మూడు రోజులు ఇవ్వమంటారు. ఎమ్మారై దాకా వెళ్లాలా అంటే డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. 52 ఏళ్లలో రెండుసార్లే పడి, పీఎస్ఏ బాగుంటే కొందరు ఆగుతారు, కొందరు అప్పుడే తీస్తారు. నేనైతే మూడోసారి కనిపిస్తే తీయించమంటాను.

రాజోలు కుర్రోడు: మూత్రం రంగు మామూలుగానే ఉందట. యాంటీబయాటిక్ నిన్న ఆఖరి మాత్ర. రేపే కల్చర్ ఇవ్వొచ్చా?

యూరాలజీ నర్సు, కాకినాడ: ఇప్పుడిస్తే ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఏమీ పెరగకపోవచ్చు, అది నిజమైన నెగటివ్ కాదు. మందు ఆగి వారమన్నా గడిచాక ఇవ్వండి, ఏ మాత్ర వాడారో చీటీ మీద రాయించండి. జ్వరం వస్తే మాత్రం వారం ఆగొద్దు. బీపీ రేపే చూపించండి, దానికి ఆగాల్సిన పని లేదు.