"ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్" అని నికోలో కాంటి ఏ పేజీలో అన్నాడు?

శ్రీలత_నిజామాబాద్:
తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నాను. మొదటి అధ్యాయంలో ఇలా రాశాను: "15వ శతాబ్దంలో వచ్చిన వెనిస్ యాత్రికుడు నికోలో డి కాంటి, తెలుగు పదాలు అచ్చులతో ముగియడం గమనించి ఈ భాషను ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అన్నాడు." కింద ఒక వ్యాస సంపుటి పేరు ఇచ్చాను. మా గైడ్ పక్కన ఎర్ర పెన్నుతో "కాంటి పుస్తకం? పేజీ?" అని రాసి పంపారు. ఆ సంపుటి మళ్లీ తీస్తే అది ఒక పత్రికా వ్యాసాన్ని చూపించింది. ఆ వ్యాసం ఎలాగోలా సంపాదిస్తే అందులో ఆధారమే లేదు. ఇంకో ఐదు చోట్ల వెతికాను. అన్ని చోట్లా అదే వాక్యం, ఇంచుమించు అవే మాటలు. వచ్చే వారం అధ్యాయం ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. కాంటి పుస్తకం పేరేమిటో ఎవరైనా చెప్పగలరా?

భాషాభిమాని:
తెలుగు తియ్యదనం గురించి ఇంకా ఆధారాలు అడుగుతున్నారా? అమ్మ, చెట్టు, నీరు, ఇల్లు... ఏ మాట తీసుకున్నా చివర అచ్చే కదండీ! కాంటి చెప్పినా చెప్పకపోయినా అది నిజం. మీ గైడ్‌గారికి ఈ ఉదాహరణలు చూపించండి.

శ్రీలత_నిజామాబాద్:
అచ్చులతో ముగుస్తాయన్న దాని మీద ఆయనకు పేచీ లేదండీ. ఆ మాట కాంటి అన్నాడా అన్నదే ప్రశ్న.

రవి_డాలస్:
కాంటి అని ఉండడు. ఇటలీ ఒక దేశంగా ఏర్పడింది 1861లో. 15వ శతాబ్దంలో ఆయన వెనిస్‌వాడు. లేని దేశం భాషతో ఎలా పోలుస్తాడు? అది బ్రౌన్ దొర అన్న మాటని మా నాన్నగారు చెప్పేవారు.

పాతపుస్తకం:
అమ్మా శ్రీలతా, నేను ముప్పై ఏళ్లు గ్రంథాలయంలో పనిచేశాను. ఇదే మాట కోసం ఒకసారి రెండు వారాలు వెతికాను, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు తెలుసుకోవలసింది, కాంటి తన చేత్తో రాసిన పుస్తకం లేదు. పాతికేళ్లు తూర్పు దేశాలు తిరిగి ఇల్లు చేరాక ఆయన చెప్పిన విషయాలను పోప్ కార్యదర్శి పోజ్జో బ్రాచ్చోలీని లాటిన్‌లో రాసుకుని, తన సొంత గ్రంథంలో నాలుగో భాగంగా చేర్చాడు. అంటే మనం మూలం అనుకునేదే ఒకరు చెబితే ఇంకొకరు రాసింది. 1550లో రమూసియో అచ్చువేసిన ఇటాలియన్ పాఠం ఇంకా దూరం. ఆయనకు లాటిన్ ప్రతి దొరక్క, పోర్చుగీసు అనువాదం నుంచి మళ్లీ ఇటాలియన్‌లోకి తెచ్చాడు.

మనకు అందుబాటులో ఉన్నది 1857లో హక్లూట్ సొసైటీ వేసిన "ఇండియా ఇన్ ది ఫిఫ్టీన్త్ సెంచరీ". ఆర్.హెచ్. మేజర్ సంపాదకుడు, కాంటి భాగాన్ని లాటిన్ నుంచి ఇంగ్లీషు చేసినవాడు వింటర్ జోన్స్. స్కాన్ ఉచితంగానే దొరుకుతుంది. అందులో నలుగురు యాత్రికుల కథనాలు ఉన్నాయి, ఒక్కోదానికి పేజీల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. అందుకని మీరు పేజీ ఇచ్చేటప్పుడు ఎవరి కథనమో కూడా రాయాలి. లేకపోతే చూసేవాళ్లు అబ్దుర్ రజాక్ పేజీ తిప్పి, ఏమీ లేదనుకుంటారు.

ఇక సెర్చ్ పెట్టి వదిలేయకండి. స్కాన్‌లో అక్షరాలు సరిగా పడవు, పైగా ఆ కాలంలో "తెలుగు" అన్న స్పెల్లింగే ఉండదు. నలభై పేజీలు కూడా లేవు, మొదటి నుంచి చివరిదాకా చదవండి. విజయనగరం చుట్టుకొలత 60 మైళ్లు, ఆయుధం పట్టగల మగవాళ్లు 90 వేల మంది అని కనిపిస్తుంది. మైలాపూరు వస్తుంది. ఇక భాషల సంగతి చివరి భాగంలో, ఆచార వ్యవహారాలు చెప్పేచోట ఉంది. భారతీయుల్లో చాలా భాషలు, మాండలికాలు వాడుకలో ఉన్నాయని ఒక్క ముక్క. తెలుగు పేరు లేదు, ఇటాలియన్‌తో పోలిక లేదు. అక్కడే, వాళ్లు పేజీ పైనుంచి కిందికి నిలువుగా రాస్తారని కూడా ఉంది. తెలుగు రాతను దగ్గరగా చూసిన మనిషి చెప్పే మాట కాదది.

రవిగారూ, మీరు చేరిన చోటు సరైనదే కావచ్చు గానీ దారి సరిగా లేదు. దేశం ఏర్పడకముందే ఇటలీ అన్న పేరు, ఆ భాష అన్న ఊహ రెండూ ఉన్నాయి. డాంటే కాలానికే ఉన్నాయి. 1861తో దీన్ని కొట్టెయ్యలేం. బ్రౌన్ అన్నారంటే ఏ పుస్తకం, ఏ పేజీ అన్న ప్రశ్న అక్కడా వస్తుంది.

రవి_డాలస్:
నిజమేనండీ, నాన్నగారి మాట తప్ప నా దగ్గర పేజీ లేదు. 1861 సంగతి ఒప్పుకుంటున్నాను.

కృష్ణాతీరం:
నాదీ ఇలాంటిదే. నేను స్కూల్లో తెలుగు చెబుతాను. ఏటా బోర్డు మీద "దేశభాషలందు తెలుగు లెస్స - శ్రీకృష్ణదేవరాయలు" అని రాసేవాణ్ని. ఒకసారి పద్యం మొత్తం చెప్పాల్సి వచ్చి ఆముక్తమాల్యద తీశాను. అక్కడ ఆ మాట రాయలవారిది కాదు. శ్రీకాకుళంలో ఆయన కలలో కనిపించిన ఆంధ్రవిష్ణువు చెబుతాడు. పైగా అదే పాదం అంతకు ముందటిదైన క్రీడాభిరామంలో కూడా ఉంది, "జనని సంస్కృతంబు సకల భాషలకును" అన్న పాదం తర్వాత. ఇప్పుడు "ఆముక్తమాల్యదలో ఆంధ్రవిష్ణువు" అని రాస్తున్నాను. పిల్లలు ఆ కల కథంతా చెప్పించుకుంటారు.

పాతపుస్తకం:
మంచి మాట గుర్తుచేశారు మాస్టారూ. కాల్డ్వెల్ సంగతీ అంతే. ద్రావిడ భాషల్లో వినసొంపులో తెలుగే మిన్న అన్నాడని మన వ్యాసాల్లో రాస్తారు. అన్నమాట నిజమే. కానీ ఆ వాక్యం మొదటి సగంలో, సంస్కృతి ప్రాచీనతలోనూ పదసంపదలోనూ తెలుగుది తమిళం తర్వాతి స్థానం అని ఉంది. ఆ సగం మనవాళ్ల వ్యాసాల్లోకి రాలేదు. నేను కూడా మూలం తెరిచేదాకా రెండో సగమే ఎరుగుదును.

శ్రీలత_నిజామాబాద్:
రాత్రి కూర్చుని కాంటి భాగం మొత్తం చదివాను. మీరన్నట్టే ఉంది. భాషల ముక్క దగ్గర రెండుసార్లు ఆగి చదివాను, ఏమీ లేదు. మరి నా వాక్యం తీసెయ్యాలా? "ఫలానా సంపుటిలో ఉటంకించినట్టు" అని పెడితే చాలదా?

పాతపుస్తకం:
మూలం దొరకనప్పుడు అలా పెట్టడం పద్ధతే. అప్పుడు మీరు చూసినది ఆ సంపుటి అని నిజం చెప్పినట్టు అవుతుంది. కానీ మీరిప్పుడు మూలం చూశారు, మాట లేదని తెలిసింది. తెలిశాక కూడా కాంటి పేరు మీదే ఉంచితే తప్పు మీది అవుతుంది. తీసెయ్యక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇంగ్లీషు మాట 19వ శతాబ్దపు పుస్తకాల్లో కనిపిస్తుంది. దానికి కాంటి పేరు ఎవరు ఎప్పుడు తగిలించారో నేను పట్టుకోలేకపోయాను.

భాషాభిమాని:
పోజ్జో రాసుకోనంత మాత్రాన కాంటి అనలేదని ఎలా చెప్పగలం? నోటితో అని ఉండొచ్చుగా?

పాతపుస్తకం:
అని ఉండొచ్చు. అందుకే "అనలేదు" అని రాయమనలేదు, "ఈ పాఠంలో లేదు" అని రాయమన్నాను. కాంటిని దారిలో కలిసిన స్పెయిన్ యాత్రికుడు పేరో తాఫూర్ కూడా ఆయన మాటలు కొన్ని రాసిపెట్టాడు. అది నేను చదవలేదు.

శ్రీలత_నిజామాబాద్:
ఇలా మార్చాను: "ఈ మాటను నికోలో డి కాంటికి ఆపాదించడం తెలుగు వ్యాసాల్లో తరచుగా కనిపిస్తుంది. పోజ్జో కథనానికి 1857లో వెలువడిన ఇంగ్లీషు అనువాదంలో మాత్రం ఆ పోలిక లేదు." కింద మేజర్ పుస్తకం, కాంటి కథనం అని ఇచ్చాను. పాత సంపుటి పేరు ఆపాదించినవాటిలో ఒకటిగా పక్కనే ఉంచాను.

రవి_డాలస్:
తాఫూర్ ఇంగ్లీషు అనువాదం ఇక్కడి యూనివర్సిటీ లైబ్రరీలో ఉందట. శనివారం వెళ్తున్నాను. కాంటిని కలిసిన భాగం మొత్తం ఫొటోలు తీసి ఇక్కడే పెడతాను.