బైసెప్స్ సంకోచిస్తే ట్రైసెప్స్ ‘వ్యాకోచిస్తుందా’?

పాఠం రాస్తున్నవారు: ఎనిమిదో తరగతి పిల్లల కోసం పాఠం రాస్తూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. “చెయ్యి మడిస్తే బైసెప్స్ సంకోచిస్తుంది, ట్రైసెప్స్ వ్యాకోచిస్తుంది” అని మేం చదువుకున్నాం. బైసెప్స్ దండ ముందువైపు కండరం, ట్రైసెప్స్ వెనకవైపుది. నాకు ఆ వ్యాకోచం దగ్గరే ఇబ్బంది. రైలు పట్టా ఎండకు వ్యాకోచిస్తుంది, అంటే తనంతట తానే పెరుగుతుంది. కండరం అలా పెరుగుతుందా? పైగా ఈ రెండిటినీ “విరోధి కండరాలు” అనొచ్చా?

లెక్కల మాస్టారు: సంకోచానికి జంట మాట వ్యాకోచమేనండి, అందులో తప్పేముంది? చెయ్యి పైకి తెచ్చేది బైసెప్స్, కిందికి దించేది ట్రైసెప్స్. ఒకటి పనిచేస్తుంటే రెండోది ఊరుకుంటుంది. విరోధి అన్నమాట చక్కగా కుదిరింది.

ఫిజియో: మాస్టారూ, ఒకటి ఊరుకుంటుందన్న మాట చాలావరకు నిజమే. బైసెప్స్‌కి లాగమని కబురు వెళ్లినప్పుడు, వెన్నుపాములోనే ట్రైసెప్స్ నరాన్ని అణిచే ఏర్పాటు ఉంది. నరాల శాస్త్రవేత్త షెరింగ్టన్ ఏళ్ల తరబడి దీని మీద పనిచేశారు. కానీ దించేది ట్రైసెప్స్ అన్నారే, అది ఒకసారి చేసి చూడండి. నిలబడి, నీళ్లు నిండిన చెంబు కుడిచేత్తో పట్టుకుని మోచెయ్యి మడవండి. ఎడమచేత్తో కుడి దండ ముందువైపు పట్టుకుని, చెంబుని మెల్లగా దించండి. దిగుతున్నంతసేపూ బైసెప్స్ గట్టిగానే ఉంటుంది, వెనకవైపు ట్రైసెప్స్ మెత్తగా ఉంటుంది. బావిలోకి బిందె దించేటప్పుడు తాడు పట్టు వదలకుండా కొంచెం కొంచెంగా జారవిడుస్తామే, అలాగన్నమాట. దించే పని భూమి చేస్తోంది, బైసెప్స్ దాన్ని ఆపుతూ ఆపుతూ వదులుతోంది. ఇప్పుడు అదే అరచేతిని బల్ల మీద పెట్టి కిందికి నొక్కండి, అప్పుడు ట్రైసెప్స్ బిగుస్తుంది.

జిమ్ కుర్రాడు: అక్కా, అంటే నేను డంబెల్ మెల్లగా దించితే ట్రైసెప్స్ పెరగదా? ఇన్నాళ్లూ అందుకే కదా మెల్లగా దించుతున్నాను! మరి దానికి ఏ ఎక్సర్‌సైజ్ మంచిది?

ఫిజియో: పెరగదు తమ్ముడూ, అదీ బైసెప్స్ పనే. ట్రైసెప్స్‌కి పుషప్స్ చెయ్యి. కానీ ఇక్కడ అడిగింది మాట గురించి.

పాఠం రాస్తున్నవారు: చెంబుతో చేసి చూశాను. అయితే దించేటప్పుడు బైసెప్స్ సాగుతోంది, బిగిసీ ఉంది. దీన్ని సంకోచం అనలేను, సడలడం అనీ అనలేను!

ఫిజియో: “బిగువుతో సాగుతుంది” అనండి. ఎందుకంటే కండరం లాగడమే తప్ప తోయలేదు, తనంతట తాను సాగలేదు కూడా. దాన్ని వేరేదేదో సాగదీయాలి, ఎదురు కండరమో, బరువో. అందుకే వ్యాకోచం వద్దంటాను. ఇక చెయ్యి చటుక్కున మడిచి ఒకచోట ఆపితే సంగతి వేరు. ముందు బైసెప్స్ ఒక్క కుదుపు లాగుతుంది, చెయ్యి గమ్యం చేరకముందే ట్రైసెప్స్ బ్రేక్ వేస్తుంది, చివర్లో బైసెప్స్ చిన్నగా మళ్లీ అందుకుని చెయ్యి ఊగకుండా నిలబెడుతుంది. ఒక్కో కుదుపు దాదాపు సెకనులో పదో వంతు. గమ్యం చేరాక చూసి బ్రేక్ వేద్దామంటే ఆలస్యమైపోతుంది కాబట్టి ఎప్పుడు వేయాలో మెదడు ముందే లెక్క కట్టుకుంటుంది. చిన్నమెదడు దెబ్బతిన్నవాళ్లకి ఆ బ్రేక్ ఆలస్యమై, ముక్కు ముట్టుకోమంటే వేలు దాటిపోతుంది.

గుంటూరు గృహిణి: మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఏడాదైంది. మోచెయ్యి మడుచుకుపోయి ఉంటుంది, మేం చాపబోతే ఎదురు బిగుస్తుంది. ట్రైసెప్స్ చచ్చిపోయిందని ఒకరు చెప్పారు, నిజమేనా అండి?

ఫిజియో: చూడకుండా చెప్పలేనమ్మా. ట్రైసెప్స్ బలహీనపడి ఉండొచ్చు, ఇందాక చెప్పిన అణిచే ఏర్పాటు సరిగా లేక బైసెప్స్ వదలకపోయి ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు. మీరు ఒకటి గమనించండి. చాలా మెల్లగా చాపితే వస్తూ, కాస్త వేగంగా చాపితే మధ్యలో పట్టేస్తోందా? అయితే అది నరాల బిగుతు. ఎంత మెల్లగా చాపినా ఒకేచోట ఆగిపోతోందంటే కండరమో కీలో పొట్టిబడి ఉండొచ్చు. బలంగా మాత్రం లాగకండి. చూసింది మీ ఫిజియోకి చెప్పండి, చికిత్స దాన్నిబట్టి మారుతుంది.

లెక్కల మాస్టారు: చెంబు పరీక్ష నేనూ చేశానండి, దించడం విషయంలో నాదే పొరపాటు. అయితే విరోధి అన్నమాటా నిలవదు. మా అమ్మ కవ్వంతో చల్ల చిలికేటప్పుడు తాడు ఒక కొస లాగితే రెండో చెయ్యి వదిలేది, కానీ పూర్తిగా జారనిచ్చేది కాదు. రెండు చేతులూ ఒకేసారి లాగితే కవ్వం కదలదు. వాటిని విరోధులంటామా?

ఫిజియో: రెండూ ఒకేసారి లాగడం కూడా శరీరానికి అవసరమే మాస్టారూ. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చెయ్యి వణకకుండా రెండు వైపులా బిగిస్తాం. కొత్త పని నేర్చుకునేటప్పుడూ అంతే, అలవాటయ్యేకొద్దీ ఆ బిగింపు తగ్గుతుంది.

పాఠం రాస్తున్నవారు: అయితే “ఎదురు కండరాల జోడి” అని రాస్తాను. వాక్యం ఇలా: “బైసెప్స్ లాగితే మోచెయ్యి మడుచుకుంటుంది, ట్రైసెప్స్ సడలి సాగుతుంది.”

లెక్కల మాస్టారు: చటుక్కున మడిచినప్పుడు ట్రైసెప్స్ బ్రేక్ వేస్తుందని ఇప్పుడే కదా విన్నాం. అక్కడ “సడలి” ఎలా కుదురుతుందండి?